బీపీ మాత్రలు వాడే పెద్దల ఉదయపు నడక: నాడి హద్దులను ఇంట్లోనే లెక్క కట్టుకునే పద్ధతి

మా మేనమామకు 72 ఏళ్ళు. రాజమహేంద్రవరంలో పుష్కర ఘాట్‌కు దగ్గరలో ఉంటారు. తెల్లవారగానే అత్తయ్యతో కలిసి గోదావరి గట్టు మీద నడవడం ఆయనకు ఉద్యోగ విరమణ నాటి నుంచీ ఉన్న అలవాటు. వాళ్ళమ్మాయి ఇద్దరికీ నాడిని చూపించే చేతి గడియారాలు కొనిపెట్టింది. మామయ్య తన వయసును నమోదు చేయగానే, నడిచేటప్పుడు నాడి నిమిషానికి 95 నుంచి 112 మధ్య ఉండాలని ఆయన గడియారం చూపించింది. ఆయన ఎంత నడిచినా నాడి 86 దాటలేదు. పక్కనే నడుస్తున్న అత్తయ్య గడియారంలో 110 కనిపిస్తుంటే తన నడక చాలడం లేదనుకుని ఆయన వేగం పెంచారు. నాలుగో రోజుకు ఎలాగో 98 వరకు తెచ్చుకున్నారు. ఆ రోజే కళ్ళు మసకబారి, మాట కూడా రానంత ఆయాసంతో ఘాట్ మెట్ల మీద కూలబడ్డారు.

ఆ మరునాడు చేసిన పరీక్షల్లో గుండెకు కొత్తగా వచ్చిన జబ్బేమీ కనిపించలేదు. తప్పంతా హద్దులో ఉంది. గడియారాలు, చాలా పట్టికలు వాడే లెక్క ఒక్కటే: 220 నుంచి వయసు తీసివేస్తే గరిష్ఠ నాడి వస్తుంది, అందులో ఇంత శాతం నడకకు తగినది అని చెబుతాయి. మామయ్య రోజూ మెటోప్రొలాల్ 50 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటారన్న సంగతి ఆ లెక్కకు తెలియదు. ఆ జాతి మాత్రలు గుండె మీద అడ్రినలిన్ చేసే పనిని అడ్డుకుంటాయి కాబట్టి, శరీరం ఎంత శ్రమపడినా నాడి ఒక మేరకు మించి పెరగదు. గుండె తన శక్తి మేరకు పనిచేస్తున్నప్పటికీ అంకె మాత్రం తక్కువగానే కనిపిస్తుంది. ఆ అంకెను పట్టికలోని అంకెకు చేర్చాలని ప్రయత్నించడమంటే, 72 ఏళ్ళ మనిషిని పరుగు పందెపు శ్రమలోకి నెట్టడమే.

ట్రెడ్‌మిల్ పరీక్షలు చేసే గదిలో కొన్నేళ్ళు పనిచేసినందువల్ల ఈ పొరపాటు నాకు కొత్త కాదు. మామయ్య కోసం అప్పుడు కాగితం మీద వేసి ఇచ్చిన లెక్కనే ఇక్కడ అడుగడుగునా వివరిస్తున్నాను. నడవవచ్చని వైద్యులు చెప్పిన, బీపీ నిలకడగా ఉన్న పెద్దలకు ఇది పనికి వస్తుంది. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు, గుండె బలహీనపడి కాళ్ళకు నీరు పడుతున్నవారు, పేస్‌మేకర్ ఉన్నవారు, నాడి ఎప్పుడూ క్రమం తప్పి కొట్టుకునేవారు ఈ లెక్కను వాడకూడదు. వారి హద్దును వారి గుండె వైద్యులే చెప్పాలి.

మొదటి అడుగు: మాత్రల పట్టీ మీది పేరు చదవడం

బీపీ మాత్రలన్నీ ఒకటి కావు. నాడి విషయంలో వాటిని రెండు గుంపులుగా చూస్తే చాలు. నాడిని తగ్గించేవి ఒక గుంపు, తగ్గించనివి మరొక గుంపు.

తగ్గించేవాటిలో ముఖ్యమైనవి బీటా బ్లాకర్లు. వీటిని గుర్తుపట్టడం సులువు. మందు అసలు పేరు చివర 'లాల్' అని ఉంటుంది: మెటోప్రొలాల్, అటెనొలాల్, బిసోప్రొలాల్, నెబివొలాల్, ప్రొప్రానొలాల్. కార్వెడిలాల్ కూడా ఈ కోవలోదే. డిల్టియాజెమ్, వెరాపమిల్, క్లోనిడిన్ అనే మందులు బీటా బ్లాకర్లు కాకపోయినా నాడిని తగ్గిస్తాయి. పట్టీ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరునే చదవాలి. ఒకే మాత్రలో రెండు మందులు కలిపినవి మన దగ్గర ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. 'నేను వేసుకునేది టెల్మిసార్టాన్ మాత్రే' అని చెప్పేవారి పట్టీ తిప్పి చూస్తే, పక్కనే మెటోప్రొలాల్ పేరు కనిపించిన సందర్భాలు నేను చాలా చూశాను.

టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటివి నాడిని పెద్దగా మార్చవు. ఆమ్లోడిపిన్ కూడా తగ్గించదు. కొందరిలో మొదటి రోజుల్లో కాస్త పెంచవచ్చు. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్థాలిడోన్ నాడిని నేరుగా మార్చవు గానీ, ఒంట్లో నీరు, లవణాలు తగ్గినప్పుడు నాడి వేగం పెరగవచ్చు, దెబ్బలు తప్పవచ్చు.

ఇంకొక మాట. ఇక్కడ మాత్రలు మాత్రమే చూసి ఆగిపోకూడదు. కంటి చుక్కల మందులను కూడా చూడాలి. ఎందుకో చివర్లో చెబుతాను.

రెండో అడుగు: వారం రోజుల పాటు విశ్రాంతి నాడి లెక్కించడం

హద్దు మొత్తం ఈ అంకె మీదే నిలబడుతుంది కాబట్టి తొందరపడకూడదు. నిద్ర లేచి, కాలకృత్యాలు తీర్చుకుని, కాఫీ తాగకముందు, ఆ పూట మాత్ర వేసుకోకముందు, వీపు ఆనించి 5 నిమిషాలు కుర్చీలో కూర్చోవాలి. అరచేయి పైకి ఉండేలా పెట్టి, బొటనవేలి మొదలుకు కిందుగా మణికట్టు దగ్గర, రెండో చేతి చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్ళ కొసలను మెల్లగా ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు, దానిలోనే కొట్టుకునే నాడి ఉండడం వల్ల తికమక కలుగుతుంది. గట్టిగా నొక్కితే నాడి అందదు. సెకన్ల ముల్లున్న గడియారం చూస్తూ పూర్తిగా 60 సెకన్లు లెక్కించాలి.

పూర్తి నిమిషం లెక్కించడంలో మరొక ప్రయోజనం ఉంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమానంగా ఉందో లేదో చేతికి తెలుస్తుంది. అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పడం పెద్దల్లో మామూలే. ఏ వరుసా లేకుండా, ఒకసారి త్వరగా, ఒకసారి ఆలస్యంగా, ఒకటి గట్టిగా, ఒకటి నీరసంగా కొట్టుకుంటుంటే మాత్రం అక్కడితో ఆగి, ఆ రోజే ఈసీజీ తీయించాలి. అది కర్ణికలు క్రమం తప్పి అదిరే జబ్బు కావచ్చు. దానివల్ల గుండెలో గడ్డ కట్టి మెదడుకు చేరే ప్రమాదం ఉంది. అలాంటి నాడికి ఈ హద్దుల లెక్క వర్తించదు.

వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ ఉంటే దాన్ని సరిచూసుకోవడానికి వాడుకోవచ్చు. తెర మీద SpO2 అన్నది ఆక్సిజన్ శాతం. PR bpm అన్నది నాడి. ఈ రెండింటినీ తారుమారుగా చదివి, నాడి 97 అని భయపడి వచ్చినవారు ఉన్నారు. చలికాలం వేళ్ళు చల్లగా ఉన్నప్పుడు ఆ పరికరం సరిగా చూపదు. అరచేతులు రుద్దుకుని వెచ్చబడ్డాక పెట్టాలి. పరికరం చెప్పిన అంకెకూ చేతితో లెక్కించిన అంకెకూ 5కు మించి తేడా వస్తే చేతి లెక్కనే తీసుకోవాలి.

మామయ్యకు 7 రోజుల్లో వచ్చిన అంకెలు 58, 56, 60, 58, 57, 59, 58. సగటు 58. మెటోప్రొలాల్ వాడే మనిషికి ఇది ఉండవలసిన చోటే ఉన్నట్టు లెక్క. అత్తయ్యకు 68 ఏళ్ళు, వాడేది టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్. ఆమె సగటు 76.

మూడో అడుగు: ఆ రోజు బయలుదేరవచ్చా అని చూసుకోవడం

చెప్పులు వేసుకోకముందే నాడిని, బీపీని ఒకసారి చూసుకుంటే, గట్టు మీద జరగవలసిన ప్రమాదం ఇంటి దగ్గరే ఆగుతుంది. 5 నిమిషాలు కూర్చున్నాక నాడి 50 కంటే తక్కువ ఉంటే ఆ రోజు నడక మానుకుని వైద్యులకు ఫోన్ చేయాలి. 50కి పైన, 60కి లోపు ఉండడం బీటా బ్లాకర్ వాడేవారికి సహజం కాబట్టి, నలత ఏమీ లేనప్పుడు ఆ అంకెను చూసి కంగారుపడనక్కరలేదు. 50 కంటే తక్కువతో పాటు తల తిరగడం, కళ్ళు బైర్లు కమ్మడం ఉంటే ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళాలి. 40 కంటే తక్కువైతే నలత లేకపోయినా ఆగకూడదు.

పైవైపు హద్దు 100. కూర్చున్నా నాడి 100 దాటి ఉంటే, పావుగంట ఆగి మళ్ళీ చూసి, అప్పటికీ తగ్గకపోతే ఆ రోజు వెళ్ళకూడదు. జ్వరం, విరేచనాలు, రాత్రి నిద్ర లేకపోవడం, నిన్నటి మాత్ర మరచిపోవడం వంటి కారణాల్లో ఏదో ఒకటి సాధారణంగా బయటపడుతుంది. అయితే బీటా బ్లాకర్ వాడేవారి విషయంలో 100 వరకు ఆగకూడదు. ఎప్పుడూ 58 ఉండే మనిషికి ఒక రోజు 78 కనిపిస్తే, అది పుస్తకాల్లో మామూలు అంకే అయినా ఆయనకు మామూలు కాదు. తన సగటు కంటే 15 పెరిగితే, కారణం తేలే వరకు నడకను వాయిదా వేసుకోవాలన్నది మేము పెట్టుకున్న నియమం.

బీపీ పై అంకె 180 గానీ, కింది అంకె 110 గానీ చేరితే నడవకూడదు. దీనితో పాటు పెద్దలకు తప్పనిసరిగా చేయవలసిన మరొక పరీక్ష ఉంది. కూర్చుని బీపీ చూసుకున్న తర్వాత, ఆసరా దగ్గర పెట్టుకుని లేచి నిలబడి, ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు మరొకసారి చూడాలి. నిలబడ్డాక పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతుంటే, ఆ మనిషికి లేచినప్పుడు మెదడుకు రక్తం చాలడం లేదని అర్థం. మామూలుగా నిలబడేసరికి నాడి కాస్త పెరిగి ఈ లోటును కొంత సరిదిద్దుతుంది. బీటా బ్లాకర్ వాడేవారిలో ఆ సర్దుబాటు కూడా మందగిస్తుంది. ప్రోస్టేట్ వాపు కోసం టామ్సులోసిన్ వంటి మాత్రలు కూడా వాడే మగవారిలో ఇది మరీ ఎక్కువ. ఈ పరీక్షను రోజూ చేయనక్కరలేదు. వారానికోసారి, మాత్ర మారినప్పుడల్లా చేస్తే సరిపోతుంది.

నాలుగో అడుగు: హద్దు లెక్క కట్టడం

ఈ లెక్కకు మూడు అంకెలు కావాలి: గరిష్ఠ నాడి అంచనా, విశ్రాంతి నాడి, ఆ రెండింటి మధ్య ఉన్న తేడా. ఆ తేడా గుండె దగ్గర మిగిలి ఉన్న జాగా వంటిది. ఓ మోస్తరు నడక అంటే ఆ జాగాలో 40 నుంచి 60 శాతం వరకు వాడుకోవడం.

గరిష్ఠ నాడి అంచనాకు, నాడిని తగ్గించే మాత్రలు వాడనివారికి ఒక సూత్రం, బీటా బ్లాకర్ వాడేవారికి మరొక సూత్రం ఉన్నాయి.

```
మాత్ర నాడిని తగ్గించనిదైతే:  208 − (0.7 × వయసు)
బీటా బ్లాకర్ వాడుతుంటే:      164 − (0.7 × వయసు)

కింది హద్దు = విశ్రాంతి నాడి + (తేడా × 0.4)
పై హద్దు   = విశ్రాంతి నాడి + (తేడా × 0.6)
```

రెండో సూత్రం, బీటా బ్లాకర్ వాడుతున్న గుండె రోగులకు ట్రెడ్‌మిల్ మీద వచ్చిన అంకెల నుంచి తీసినది. మాత్ర మోతాదును బట్టి, మనిషిని బట్టి అసలు గరిష్ఠం దీనికి 10 అటూ ఇటూ, ఒక్కోసారి అంతకు మించి ఉండవచ్చు. అందువల్ల దీన్ని సరిహద్దు రాయిలా కాక, మొదటి అంచనాగా చూడాలి. మాత్ర వేసుకుంటూనే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్నవారికి ఆ కాగితం మీద ఉన్న గరిష్ఠ నాడి ఈ సూత్రం కన్నా నమ్మదగినది. పరీక్ష కోసం మాత్ర ఆపించి ఉంటే మాత్రం ఆ అంకె నడకకు పనికిరాదు. డిల్టియాజెమ్, వెరాపమిల్ వాడేవారికి ఈ రెండు సూత్రాలూ సరిగా నప్పవు. వారు విశ్రాంతి నాడి మీద 20 పెరగడాన్నే హద్దుగా పెట్టుకుని, వైద్యులతో మాట్లాడిన తర్వాతే పెంచుకోవాలి.

మామయ్య లెక్క ఇలా వచ్చింది. 72ను 0.7తో గుణిస్తే 50.4. 164 నుంచి తీసివేస్తే 113.6, అంటే 114. విశ్రాంతి నాడి 58 కాబట్టి తేడా 56. అందులో 40 శాతం 22, 60 శాతం 34. ఈ రెండింటినీ 58కి కలిపితే 80, 92. ఆయన హద్దు 80 నుంచి 92. గడియారం చాలదని చెప్పిన 86 సరిగ్గా ఈ రెండింటి మధ్యనే ఉంది. ఆయన మొదటి నుంచీ సరిగానే నడుస్తున్నారన్నమాట. కష్టపడి తెచ్చుకున్న 98 ఆయనకు ఉన్న జాగాలో 70 శాతం దాటింది.

అత్తయ్యకు మొదటి సూత్రం వర్తిస్తుంది. 68ను 0.7తో గుణిస్తే 47.6, 208 నుంచి తీసివేస్తే 160. విశ్రాంతి నాడి 76, తేడా 84. 40 శాతం 34, 60 శాతం 50. ఆమె హద్దు 110 నుంచి 126. ఒకే గట్టు మీద, ఒకే వేగంతో, పక్కపక్కనే నడిచే ఇద్దరిలో ఒకరికి 110 అన్నది హాయిగా నడిచే అంకె. మరొకరికి అది ప్రమాదపు అంకె. భార్యాభర్తలు ఒకరి గడియారం చూసి ఒకరు నడవకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

కొత్తగా నడక మొదలుపెట్టేవారు, చాలా కాలం ఆపి మళ్ళీ మొదలుపెట్టేవారు మొదటి నెల ఈ సూత్రాల జోలికి పోకుండా, విశ్రాంతి నాడి మీద 20 పెరిగే వరకే నడవాలి. గుండె జబ్బు తర్వాత కోలుకునేవారికి, ట్రెడ్‌మిల్ పరీక్ష లేనప్పుడు, 20 నుంచి 30 పెరుగుదలను హద్దుగా పెట్టే పద్ధతి వాడుకలో ఉంది. మామయ్య విషయంలో ఆ లెక్క 78 నుంచి 88 అవుతుంది. సూత్రంతో వచ్చినదానికి దగ్గరగానే ఉంది. ఇలా రెండు దారుల్లో వచ్చిన అంకెలు దగ్గరగా ఉంటే లెక్క సరిపోయినట్టు. బాగా దూరంగా ఉంటే తక్కువదాన్ని తీసుకోవాలి.

అయిదో అడుగు: గట్టు మీద లెక్కించడం

మొదటి 10 నిమిషాలు నెమ్మదిగా నడవాలి. వయసు పైబడిన గుండె, అందులోనూ మాత్ర ప్రభావంలో ఉన్న గుండె, వేగాన్ని అందుకోవడానికి సమయం తీసుకుంటుంది. 10 నిమిషాల తర్వాత ఒకసారి, నడక మధ్యలో ఒకసారి నాడి చూసుకుంటే చాలు. అడుగడుగునా గడియారం చూడడం వల్ల కలిగే ఆందోళన కూడా నాడిని పెంచుతుంది.

ఆగిన వెంటనే నాడి తగ్గడం మొదలవుతుంది కాబట్టి అయిదు సెకన్లలోపే వేళ్ళు మణికట్టు మీద ఉండాలి. 15 సెకన్లు లెక్కించి 4తో గుణించాలి. నిమిషం లెక్కిస్తే అప్పటికే నాడి పడిపోయి తక్కువ అంకె వస్తుంది. అలా లెక్కించేటప్పుడు కదలకుండా నిలబడిపోకూడదు. నడుస్తున్న కాళ్ళు ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్ళలోనే నిలిచి, బీపీ పడిపోయి, కళ్ళు తిరగవచ్చు. పాదాలు మెల్లగా ఎత్తి దించుతూ గానీ, బెంచీ మీద కూర్చుని గానీ లెక్కించాలి.

అంకెతో పాటు మాటను కూడా పరీక్షించుకోవాలి. పక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేని స్థితి తగిన శ్రమకు గుర్తు. రెండు మూడు మాటలకే ఊపిరి అందకపోతే, నాడి హద్దులోనే ఉన్నా, వేగం తగ్గించాలి. బీటా బ్లాకర్ వాడేవారి విషయంలో అంకెకూ మాటకూ పొత్తు కుదరకపోతే మాటనే నమ్మాలన్నది నా అభిప్రాయం. మాత్ర అంకెను తొక్కి పెట్టగలదు గానీ ఆయాసాన్ని దాచలేదు.

నాడి పై హద్దు దాటితే ఆగిపోనక్కరలేదు. వేగం తగ్గించి, మూడు నిమిషాల తర్వాత మళ్ళీ చూడాలి. అప్పటికీ దిగకపోతే ఆ రోజుకు ఇంటిదారి పట్టాలి. దీనికి ఎదురైన తప్పు కూడా ఒకటి ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. 15 నిమిషాలు చురుకుగా నడిచినా నాడి విశ్రాంతి అంకె నుంచి కదలకుండా, 52, 54 దగ్గరే ఉండిపోయి, అడుగులు బరువుగా, ఆయాసంగా అనిపిస్తే అది గుండె దృఢత్వానికి గుర్తు కాదు. మాత్ర మోతాదు ఆ మనిషికి ఎక్కువై ఉండవచ్చు, లేదా గుండెలోని విద్యుత్ మార్గంలో అడ్డంకి ఏర్పడి ఉండవచ్చు. ఆ అంకెలు రాసుకుని రెండు మూడు రోజుల్లో వైద్యులకు చూపించాలి.

నడుస్తుండగా నాడి ఉన్నట్టుండి సగానికి పడిపోయినట్టు తోస్తే, ఉదాహరణకు 84 ఉండవలసిన చోట 42 వస్తే, రెండు దెబ్బల్లో ఒకటి బలహీనంగా ఉండి మణికట్టు వరకు చేరకపోవడం ఒక కారణం కావచ్చు. కూర్చుని పూర్తి నిమిషం లెక్కించాలి. కారణం ఏదైనా ఆ రోజే ఈసీజీ అవసరం.

ఛాతీలో బరువు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లని చెమటలు, స్పృహ తప్పినట్టు కావడం, మాట తడబడడం వంటివి వస్తే నాడి లెక్కిస్తూ కూర్చోకూడదు. అక్కడే కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయాలి. మధుమేహం కూడా ఉన్నవారికి మరొక జాగ్రత్త అవసరం. రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు మామూలుగా వచ్చే గుండెదడను బీటా బ్లాకర్ కనబడనివ్వదు; చెమట మాత్రం పడుతుంది. అందువల్ల నాడి పెరగకుండా ఒళ్ళంతా చెమట పడితే వెంటనే ఆగి, జేబులో ఉంచుకున్న గ్లూకోజు గానీ పంచదార గానీ నోట్లో వేసుకోవాలి. మామయ్యకు మధుమేహం లేకపోయినా, ఈ సంగతి తెలిసిన నాటి నుంచి అత్తయ్య సంచీలో రెండు పొట్లాలు ఉంటున్నాయి. గట్టు మీద నడిచే మిత్రుల్లో ఎవరికైనా పనికి వస్తాయని.

ఆరో అడుగు: తిరిగి వచ్చాక

చివరి 5 నుంచి 10 నిమిషాలు మళ్ళీ నెమ్మదిగా నడిచి, ఇంటికి వచ్చాక కూర్చోవాలి. కూర్చున్న 5 నిమిషాలకు నాడి సగటు కంటే 15కు మించి ఎక్కువ ఉండకూడదు. 10 నిమిషాలకు దాదాపు మొదటి అంకెకు రావాలి. మామయ్యకు ఘాట్ మీద కూలబడిన రోజున ఇంటికి వచ్చి అరగంట గడిచినా 80 దిగలేదని అత్తయ్య చెప్పింది. హద్దులో నడిచిన రోజుల్లో 5 నిమిషాలకే 64, 66 వస్తోంది. నాడి దిగడం ఆలస్యమైన రోజున మరుసటి రోజు నడకను మూడో వంతు తగ్గించడం మంచిది. వెంటనే వేడి నీళ్ళ స్నానం చేస్తే రక్తనాళాలు వ్యాకోచించి బీపీ పడిపోవచ్చు కాబట్టి, నాడి దిగే వరకు స్నానానికి ఆగాలి.

మాత్ర వేళ గురించి ఒక మాట. నడక కోసం మాత్రను వాయిదా వేయడం, మానడం రెండూ తప్పే. బీటా బ్లాకర్‌ను, క్లోనిడిన్‌ను ఒక్కసారిగా ఆపితే నాడి, బీపీ మునుపటికన్నా పైకి ఎగబాకుతాయి. గుండెకు రక్తం అందించే నాళాల్లో జబ్బు ఉన్నవారికి అది గుండెపోటుకు దారి తీయవచ్చు. నడక ముందు వేసుకుంటారో, తర్వాత వేసుకుంటారో వైద్యులను అడిగి, రోజూ ఒకే వేళ పాటించాలి. 24 గంటలు నెమ్మదిగా విడుదలయ్యే మెటోప్రొలాల్ మాత్రతో ఈ తేడా తక్కువ. మామూలు మెటోప్రొలాల్ మాత్ర అయితే వేసుకున్న ఒకటి రెండు గంటలకు ప్రభావం బాగా ఎక్కువగా ఉంటుంది. ఒక రోజు మాత్రకు ముందు, ఒక రోజు తర్వాత నడిచి, అంకెలు కుదరడం లేదని చింతించేవారి సమస్య చాలావరకు ఇదే.

హద్దును ఎప్పుడు మళ్ళీ లెక్క కట్టాలి

మాత్ర మారినా, మోతాదు మారినా, రెండు వారాలు ఆగి, మళ్ళీ 7 రోజుల సగటు తీయాలి. జ్వరం, విరేచనాలు, ఉపవాసం ఉన్న రోజుల్లో పాత హద్దు పనికిరాదు. ఏకాదశి నాడు నీళ్ళు కూడా తాగకుండా, మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వేసుకుని నడవడం కళ్ళు తిరిగి పడిపోవడానికి దగ్గర దారి. రోహిణి కార్తె ఎండల్లో తెల్లవారుజామున కూడా ఉక్క ఉంటుంది. ఒకే వేగానికి నాడి 10 వరకు ఎక్కువ చూపించవచ్చు. అప్పుడు హద్దును పెంచుకోకూడదు, నడకను తగ్గించుకోవాలి.

ఇక కంటి చుక్కల సంగతి. ఈ పద్ధతి మొదలుపెట్టిన ఆరు నెలలకు మామయ్య పుస్తకంలో ఒక వరుస నా కంట పడింది. 58, 57, 55, 52, 50, 49. మాత్రలు మారలేదు, జ్వరం లేదు. 'రెండు రోజులుగా నీరసంగా ఉంది, వయసు మీద పడుతోంది కదా' అన్నారాయన. అంతకు ముందు వారం కంటి పరీక్షకు వెళ్ళారా అని అడిగితే, కంటిలో ఒత్తిడి పెరిగిందని చుక్కల మందు రాశారని చెప్పారు. సీసా మీద పేరు టిమోలాల్. చివర 'లాల్' ఉన్నదాన్ని చూడగానే అర్థమైంది: అది కూడా బీటా బ్లాకరే. కంటిలో వేసిన చుక్క కన్నీటి దారిలో ముక్కులోకి దిగి, అక్కడి పొర గుండా నేరుగా రక్తంలో కలుస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఇదే చుక్క ఊపిరి ఆడకుండా కూడా చేయగలదు. అప్పటికే మెటోప్రొలాల్ వాడుతున్న గుండె మీద రెండో తాళం పడినట్టయింది. బీపీ మాత్రల పేర్లు ఆయన కంటి వైద్యులకు చెప్పలేదు. కంటికీ గుండెకూ సంబంధం ఏముంటుందని అనుకున్నారు.

ఆ రోజు నడక ఆపించి, పుస్తకం పట్టుకుని ఇద్దరు వైద్యుల దగ్గరకూ వెళ్ళాం. కంటి వైద్యులు ఆ అంకెలు చూడగానే చుక్కలను వేరే జాతికి మార్చారు. మందు ఏదైనా చుక్క వేసుకున్న వెంటనే కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకుంటే రక్తంలోకి వెళ్ళేది బాగా తగ్గుతుందని కూడా చూపించారు. అయిదో రోజుకు నాడి 56కు, ఆ పై వారానికి 58కి వచ్చింది. సగటు మారలేదు కాబట్టి హద్దు కూడా 80 నుంచి 92గానే ఉంది. ఇప్పుడు ఆ పుస్తకం మొదటి పేజీలో మాత్రల పేర్ల కింద కంటి చుక్కల పేరు కూడా రాసి ఉంది. ఏ వైద్యుల దగ్గరకు వెళ్ళినా మామయ్య ముందుగా ఆ పేజీనే తెరిచి చూపిస్తున్నారు.